ట్యాగు కింద చొక్కా: ఒక రీటచ్ డైరీ

సోమవారం

ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈ నెలాఖరుకి రిటైరవుతున్న మాస్టారి ఫొటో ఇది. స్టాఫ్‌రూమ్ గోడకి 10×12 ఫ్రేములో పెట్టాలి. ఆయన ఫొటోలు చాలానే ఉన్నాయి గానీ ముఖం నిండా నవ్వున్నది ఒక్కటే. ఏదో సదస్సులో మాట్లాడి వేదిక దిగాక తీసిన ఫొటో అది. తెల్ల చొక్కా, దాని మీద సన్నని నీలి నిలువు గీతలు. పై గుండీ పెట్టుకోలేదు. మెళ్ళో వేలెడు వెడల్పున ఎర్ర ట్యాగు. ఫొటో పంపిన శిష్యుడు ఫోన్లో ఒకటే చెప్పాడు: “అన్నా, ఆ ట్యాగొక్కటి తీసెయ్, మిగతాదేమీ ముట్టుకోవద్దు.”

ఆయన ముఖాన్ని ముట్టుకోను. చొక్కాని మాత్రం ముట్టుకోక తప్పదు. ట్యాగు చొక్కా మీద ఊరికే పడి లేదు, చొక్కాని మార్చేసింది. అందుకని ఈ రోజు ఏమీ చెరపలేదు. ఫొటోషాప్‌లో ఫొటో మీద ఖాళీ లేయరు వేసి, ట్యాగు ఎక్కడెక్కడ ఏం చేసిందో రంగు గీతలతో గుర్తులు పెట్టుకున్నాను.

వెలుగు ఫొటోలో ఎడమవైపు నుంచి, కాస్త పైనుంచి వస్తోంది. (ఇక్కడి నుంచి ఎడమ కుడి అన్నవన్నీ ఫొటో చూసేవాళ్ళ వైపు నుంచే.) కాబట్టి పట్టీ నీడ ప్రతిచోటా దాని కుడి అంచు పక్కన పడింది. పట్టీ చెరిపి నీడ వదిలేస్తే కనబడని తాడు నీడ ఒకటి చొక్కా మీద మిగిలిపోతుంది. చాలా ఫొటోల్లో పట్టుబడేది ఇక్కడే. రెండోది ఎరుపు. తెల్ల గుడ్డ పక్కన ఎర్ర పట్టీ ఉంటే ఆ రంగు గుడ్డ మీదికి పాకుతుంది. ఇక్కడ చొక్కా మీదా, దవడ కింద మెడ మీదా లేత గులాబి ఛాయ ఉంది. మూడోది ముడతలు. కార్డు బరువుకి గుడ్డ మెడ పక్కనుంచి కిందికి లాగుకుపోయి ఏటవాలుగా ముడతలు పడ్డాయి.

కాలరు దగ్గర సంగతి ఇంకా చిక్కు. రెండు పక్కలా రెండు రకాలుగా ఉంది. ఎడమ పక్క పట్టీ కాలరు రెక్క కిందికి దూరి, దాని అడుగునుంచి ఛాతీ మీదికి వచ్చింది. అందువల్ల ఆ రెక్క పైకి లేచింది. కుడి పక్క పట్టీ రెక్క మీదుగా వెళ్ళి, దాని కింది అంచుని నొక్కేసింది. హడావుడిగా మెళ్ళో వేసుకున్న ట్యాగులు తరచు ఇలాగే ఉంటాయి.

చెరిపే ముందు తేల్చుకోవాల్సినది క్రాప్. ఫైలు 24 మెగాపిక్సెళ్ళు, నిలువుగా తీసింది, 4000×6000. 10×12 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చొప్పున 3000×3600 పిక్సెళ్ళు చాలు. తల పైన కాస్త చోటు వదిలి ఆ కొలతకి కోస్తే కింది అంచు ఛాతీ మధ్యలో, రెండో గుండీ కిందికి వచ్చి ఆగింది. కార్డు, దాని క్లిప్పు, అవి దాచిన మూడో గుండీ అన్నీ ఫ్రేము బయటికి పోయాయి. ఫ్రేములో ఉండని గుడ్డని తిరిగి కట్టడం అనవసరం. క్రాప్ ఇలా వస్తుందని శిష్యుడికి వాట్సాప్‌లో చూపించి సరే అనిపించుకున్నాను. తర్వాత “కొంచెం కిందిదాకా కావాలన్నా” అంటే మళ్ళీ మొదటికొస్తుంది.

మంగళవారం

ఫొటోగ్రాఫర్‌ని అడిగితే ముందూ వెనకా తీసిన ఫ్రేములు పంపాడు. రా ఫైళ్ళు లేవు, అన్నీ జేపెగ్‌లే. అయినా ఈ పనిలో ఇంతకన్నా విలువైన సరుకు లేదు. మనిషి కదిలితే ట్యాగూ ఊగుతుంది. ఒక ఫ్రేములో దాగిన గుడ్డ ఇంకో ఫ్రేములో బయటపడుతుంది. ఊహించి గీసే బదులు అదే చొక్కా, అదే వెలుగులో ఎలా ఉందో చూసి తెచ్చుకోవచ్చు.

దీనికీ ఒక హద్దుంది. ట్యాగు మెడ దగ్గర ఆనుకుని కింద ఊగుతుంది. మాస్టారు కాస్త పక్కకి తిరిగిన ఫ్రేములో ఛాతీ దగ్గర పట్టీ తన వెడల్పు కన్నా ఎక్కువే జరిగింది, కాలరు దగ్గర మాత్రం దాదాపు అక్కడే ఉంది. అంటే ఛాతీ గుడ్డకి అసలు సరుకు దొరికినట్టు, కాలరుకి దొరకనట్టు. కాలరుని ఉన్న రెండు రెక్కల్లోంచే కట్టుకోవాలి.

తెచ్చిన ఫ్రేము అసలుదాని కన్నా ఒక పిసరు చీకటిగా ఉంది. వెంటవెంటనే కొడితే ఫ్లాష్ పూర్తిగా ఛార్జ్ కాకుండానే వెలుగుతుంది, ఫ్రేముకీ ఫ్రేముకీ తేడా వస్తుంది. ట్యాగు ఛాయ తగలని ఒకే చోటు, జేబు పైన, రెండు ఫ్రేముల్లోనూ ఇన్ఫో ప్యానెల్‌లో చదివి, కర్వ్స్‌తో సమం చేశాను. కంటితో సరిచూసుకుంటే చాలదు. తెలుపులో చిన్న తేడా పక్కపక్కన పెట్టినప్పుడు మచ్చలా తేలుతుంది.

ఫ్రేము మొత్తాన్ని అసలుదాని మీద పరిచి సరిపెట్టాలని చూడలేదు. ఒళ్ళు తిరిగింది కాబట్టి ఒకచోట కుదిరితే ఇంకోచోట కుదరదు. చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని వార్ప్‌తో వంచి కూర్చాను. ముక్క అంచు ఎక్కడ పడాలో ముందే చూసుకున్నాను. గీతలకి అడ్డంగా అతుకు పడితే ప్రతి గీతా అక్కడ విరిగినట్టు కనిపిస్తుంది. గీత పొడవునా, నీలానికీ తెలుపుకీ మధ్య సరిహద్దులో అతుకు వేస్తే అది ఆ సరిహద్దులోనే కలిసిపోతుంది.

బుధవారం

ఈ రోజంతా గీతలతోనే.

ఈ ఫొటోలో ఒక మిల్లీమీటరు గుడ్డ ఆరున్నర పిక్సెళ్ళకి కాస్త ఎక్కువగా వస్తోంది. 20 మిల్లీమీటర్ల పట్టీ సుమారు 130 పిక్సెళ్ళు. గీతకీ గీతకీ మధ్య 20 పిక్సెళ్ళు. 130 పిక్సెళ్ళ సందు పూడ్చడం తేలికే అనిపిస్తుంది. కానీ పట్టీ గీతలకి అడ్డంగా వెళ్ళడం లేదు, వాటితో పాటే కిందికి దిగుతోంది. రెండింటికీ మధ్య కోణం 18 డిగ్రీలకి మించదు. ఆ కోణంలో ఒక్కో గీత పట్టీ కిందికి దూరి మళ్ళీ బయటపడేసరికి 400 పిక్సెళ్ళు దాటుతోంది. గుడ్డ మీద చూస్తే రెండున్నర అంగుళాలు. అంత దూరంలో గీత ఎటైనా తప్పిపోవచ్చు.

అందుకని ముందు లెక్క చూసుకున్నాను. పట్టీకి ఎడమ పక్కనుంచి లోపలికి దూరిన ప్రతి గీతా కుడి పక్క ఎక్కడ తేలిందో పెన్ టూల్‌తో పాత్ గీశాను. గుండీల పట్టీ అంచు నుంచి లెక్కపెడితే తప్పు జరగదు, ఎందుకంటే ఆ అంచు కదలదు. లోపలికి వెళ్ళినన్ని గీతలూ బయటికి రావాలి. ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా ఎక్కడో రెండు గీతలు కలిసిపోతాయి లేదా ఒకటి గాలిలో ఆగిపోతుంది. తెల్ల చొక్కా అయితే ఈ బాధే ఉండేది కాదు. గళ్ళ చొక్కా అయితే ఇదే లెక్క అడ్డంగా కూడా చూడాలి.

పూడ్చడానికి వాడింది క్లోన్ స్టాంప్. హీలింగ్ బ్రష్ ఇక్కడ పనికిరాదు. అది చుట్టుపక్కల ఛాయని లోపలికి లాక్కుని కలుపుతుంది, ఇక్కడ చుట్టూ ఉన్నది ఎర్ర పట్టీ, దాని నీడ. పట్టీ అంచుని తాకగానే తెల్ల గుడ్డ మీద గులాబి మసక అలుముకుంటుంది. క్లోన్ స్టాంప్ ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెడుతుంది. ఛాయ తేడాలని తర్వాత విడిగా చూసుకోవచ్చు. క్లోన్ సోర్స్ ప్యానెల్‌లో కోణం మార్చే వీలుంది కాబట్టి, పక్కన ఒకటి రెండు డిగ్రీలు వాలిన గీతలని కూడా తిప్పి తెచ్చుకోగలిగాను. ప్రతిదీ కొత్త ఖాళీ లేయరు మీదే. అసలు ఫొటో కింద చెక్కుచెదరకుండా ఉంది.

గుండీల పట్టీ అంచు ఒకచోట ట్యాగు కింద దాగింది. పక్కవైపు గుడ్డని అద్దంలోలా తిప్పి ఇక్కడ పెడితే సరిపోతుందని అనిపించవచ్చు. మగవాళ్ళ చొక్కాలో వాళ్ళ ఎడమ పక్క గుడ్డ పైకి వస్తుంది, కాజాలు అక్కడే ఉంటాయి. ఫొటోలో చూస్తే ఆ మడత అంచు గుండీలకి ఎడమ పక్కన కనబడుతుంది. తిప్పితే అది కుడికి వెళ్ళి ఆడవాళ్ళ చొక్కా పద్ధతి అయిపోతుంది. టైలరు చూస్తే ఒక్క చూపులో పట్టేస్తాడు. అందుకే ఆ అంచుని దాని పైభాగంలోంచే కిందికి దింపాను. వెలుగు ఎడమనుంచి కదా, ఆ అంచు మీద సన్నని మెరుపు గీత ఉంది, అదీ తెగకుండా వచ్చింది.

గురువారం

గీతలు కుదిరాయి, గుడ్డ మాత్రం అతుకుల బొంతలా ఉంది. ముక్కలు వేర్వేరు చోట్లనుంచి వచ్చాయి, ఒకటి కాస్త వెలుగు, ఒకటి కాస్త చీకటి. గీతలని కదపకుండా వెలుగునీడలని మాత్రమే సరిచేయాలి. రెండింటినీ వేరుచేసే పద్ధతి, ఫ్రీక్వెన్సీ సెపరేషన్, చాలామందికి చర్మం మీద వాడి అలవాటు. చర్మానికి వాడే అంకెలు గీతల గుడ్డకి పనికిరావు.

ఇప్పటిదాకా చేసినదాన్ని ఒకదాని మీద ఒకటిగా రెండు కాపీల లేయర్లు చేసుకోవాలి. కింది లేయర్‌ని బ్లర్ చేసేటప్పుడు రేడియస్ 8 పెడితే, 20 పిక్సెళ్ళకొకటి ఉన్న నీలి గీతలు పూర్తిగా కరగవు, కింది లేయర్లో మసకగా మిగిలిపోతాయి. అప్పుడు అక్కడ ఛాయ సరిచేస్తే గీతలు కూడా చెదిరిపోతాయి. రేడియస్ గీతల మధ్య దూరం కన్నా ఎక్కువ ఉండాలి. 28 పెట్టాను. కింది లేయర్లో గీతల జాడ లేదు, ఉత్త వెలుగునీడలే. గీతలన్నీ పై లేయర్లోకి వెళ్ళాయి. ఫైలు 8 బిట్ కాబట్టి సెట్టింగులు ఇవి. మొదటి వరుస కింది కాపీకి, మిగతా రెండూ పై కాపీకి:

```
Filter > Blur > Gaussian Blur    Radius: 28
Image > Apply Image    Blending: Subtract  Scale: 2  Offset: 128
Blend Mode: Linear Light
```

అప్లై ఇమేజ్‌లో లేయరు పేరు దగ్గర బ్లర్ చేసిన కాపీని ఎంచుకోవాలి. ఇంత పెద్ద రేడియస్‌తో ఒక ఇబ్బంది ఉంది. కాలరు అంచులాంటి గట్టి సరిహద్దు దగ్గర కింది లేయర్లో తెల్లటి పొగ చుట్టూ పాకుతుంది, దాన్ని ముట్టుకుంటే అంచు చుట్టూ వెలుగు వలయం వస్తుంది. అందుకని ఈ రెండు లేయర్లకీ మాస్క్ వేసి ఛాతీ గుడ్డకే పరిమితం చేశాను. కాలరు దగ్గరికి రానివ్వలేదు.

ముడతలు కూడా ఈ కింది లేయర్లోనే చూసుకున్నాను. అన్నీ తీసేస్తే చొక్కా అట్టముక్కలా బిగుసుకుపోతుంది. ప్రతి ముడత దగ్గరా నన్ను నేను అడిగింది ఒకటే: దీన్ని లాగుతున్నది ఏమిటి? చంక వైపు వెళ్ళే ముడతని భుజం లాగుతోంది, ఉండాలి. గుండీ చుట్టూ ఉన్నవి గుండీ వల్ల వచ్చాయి, ఉండాలి. మెడ పక్కనుంచి ఏటవాలుగా కిందికి దిగి, ఫ్రేము బయట కార్డు ఉన్న చోటికి గురిపెట్టినవి మాత్రం ట్యాగువి. ట్యాగు పోయాక వాటికి కారణం లేదు. వాటి చీకటి పక్కని కర్వ్స్‌తో కాస్త తేల్చి, వెలుగు పక్కని కాస్త తగ్గించాను. పూర్తిగా చదును చేయలేదు, మూడొంతుల్లో రెండొంతులు తగ్గితే ఇస్త్రీ నలిగిన గుడ్డలా సహజంగా ఉంది.

మచ్చలు మిగిలాయా లేదా అని చూడడానికి అన్నిటికన్నా పైన ఒక కర్వ్స్ లేయరు పెట్టి, గీతని పైకీ కిందికీ రెండు మూడు ఎత్తుపల్లాలుగా వంచాను. ఫొటో వికారమైన రంగుల్లోకి మారిపోతుంది గానీ, మామూలుగా కంటికి ఆనని ఛాయ తేడా కూడా అందులో గట్టు కట్టినట్టు తేలుతుంది. జేబు పైన ఒక ముక్క చతురస్రంగా బయటపడింది. దాన్ని సరిచేశాక ఆ లేయరు ఆపేశాను.

శుక్రవారం

కుడి రెక్క. పట్టీ దాని మీదుగా వెళ్ళింది, పైన మడత దగ్గరా, కింద అంచు దగ్గరా రెండుచోట్లా దాన్ని దాచింది.

ఛాతీ గుడ్డని తెచ్చి ఇక్కడ నింపడం కుదరదు. ఛాతీ మీద గీతలు నిలువు, రెక్క మీద ఏటవాలు. దానికి తగ్గ గుడ్డ ఎడమ రెక్కలోనే ఉంది. కాలరు రెండు కొసలూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా కోస్తారు కాబట్టి, ఎడమ రెక్కని అడ్డంగా తిప్పితే గీతల వాలు సరిగ్గా కుడి రెక్కకి సరిపోయింది. గుండీల పట్టీ దగ్గర పనికిరానిది ఇక్కడ పనికొచ్చింది.

గీతలు సరిపోయాయి, వెలుగు సరిపోలేదు. అసలు కుడి రెక్క ముందంచు వెలుగు వైపు చూస్తోంది, అక్కడ మెరుపు ఉండాలి. ఎడమ రెక్క ముందంచు వెలుగుకి పెడగా ఉంది, అక్కడ నీడ. తిప్పినప్పుడు ఆ నీడ కూడా వచ్చి కూర్చుంటుంది. అందుకని తిప్పిన రెక్కలోంచి అంచులు కాకుండా నడిమి గుడ్డ మాత్రమే తీసుకున్నాను. 130 పిక్సెళ్ళ సందుకి అది చాలు. దాని మీద రెండు కర్వ్స్ లేయర్లు, ఒకటి పైసగానికి, ఒకటి కిందిసగానికి. సందుకి అటూ ఇటూ ఉన్న అసలు గుడ్డ అంకెలు చదివి వాటికి దగ్గరయ్యేదాకా మార్చాను.

ఎక్కువసేపు పట్టింది కింది అంచు. పట్టీ నొక్కడం వల్ల అంచు దానికి అటూ ఇటూ ఏడెనిమిది పిక్సెళ్ళు కిందికి కుంగింది. కుంగిన చోటునుంచి కుంగిన చోటుకి గీత కలిపితే అంచులో ఒక గుంట మిగిలిపోతుంది, పట్టీ ఇంకా అక్కడుందా అన్నట్టు. పాత్‌ని కుంగుడు మొదలవకముందునుంచి, అంటే ఒక పక్క కాలరు కొసనుంచి, ఇంకో పక్క భుజం వైపునుంచి మొదలుపెట్టి, ఒకే సాఫీ వంపులో గీశాను. తర్వాత కుంగిన భాగాలని వార్ప్‌తో ఆ వంపుకి ఎత్తాను. నిజం కాలరు అంచు స్కేలుపెట్టి గీసినట్టు ఉండదు, కాస్త వంపు ఉంటుంది. ఆ వంపు ఎంతో కొస దగ్గర మిగిలిన అసలు అంచే చెప్పింది.

అంచుకి మందం ఉంది. రెండు పొరల గుడ్డ, మధ్యలో బక్రం. ఫొటోలో అది పది పిక్సెళ్ళు. మాస్క్‌తో కోసిన అంచు కాగితంలా పలచగా కనబడుతుంది. అంచు వెంట లోపల సన్నగా ఒక వెలుగు, దాని కింద కాస్త ముదురు గీత ఉంటేనే మందం తెలుస్తుంది. అంచుకి ఆరు మిల్లీమీటర్ల లోపల కుట్టు ఉంది, దాని ఒక్కో టాకా పదిహేను పిక్సెళ్ళ పొడవు. కుట్టు లాగిన చోట గుడ్డ చిన్నచిన్న గుంటలు పడుతుంది. చుక్కలు పెట్టి గీసిన కుట్టు ఎప్పుడూ గీసినట్టే ఉంటుంది. కొస దగ్గర బాగున్న కుట్టుని వరుసగా తీసి, పాత్ వెంట వార్ప్ చేసి పరిచాను, గుంటలతో సహా వచ్చింది.

చివరగా రెక్క కింద నీడ. పట్టీ ఉన్నచోట రెక్క నీడ గుడ్డ మీద పడలేదు, కాబట్టి అక్కడ కొత్తగా వేయాలి. రెండు లేయర్లు, రెండూ మల్టిప్లైలో, రంగు పక్కనున్న అసలు నీడలోంచి తీసుకున్న నీలి బూడిద. నలుపు తీసుకుంటే తెల్ల చొక్కా మీద మసి పూసినట్టు ఉంటుంది. ఒక నీడ అంచుకి ఆనుకుని సన్నగా, కాస్త ముదురుగా ఉంటుంది. రెండోది వెడల్పుగా, పలచగా పాకుతుంది. మల్టిప్లైలో కాబట్టి నీడలోంచి గీతలు కనబడుతూనే ఉన్నాయి. నీడలో గీతలు మాయమైతే ఎవరికైనా ఏదో తేడాగా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేకపోయినా.

శనివారం

ఎడమ రెక్క. దాని కింద పట్టీ దూరి గుడ్డని ఎత్తింది. రెక్క మీద పైనుంచి కిందికి ఒక గట్టులా ఉబ్బు, ఉబ్బుకి వెలుగు పక్క మరీ తెలుపు, అవతలి పక్క చీకటి. కొస బయటికి ఎగిరింది.

రెక్కని ఎంత దించాలి, కింద నీడ ఎంత ఉంచాలి అన్నది తేల్చుకోవడానికి మా వీధి టైలరు బాబాయ్ దగ్గరికెళ్ళాను. హ్యాంగరుకి వేలాడుతున్న చొక్కా కాలరు కింద వేలు పెట్టి చూపించాడు. “కాలరు గుండెకి అతుక్కుని ఉండదు నాయనా. మడత దగ్గర వేలు దూరేంత సందుంటుంది. కొస దగ్గరే గుడ్డని తాకేది. మొత్తం అతికిస్తే అది కాలరు కాదు, అట్ట.” నాకు కావాల్సిన కొలత అదే. నీడ మెడ వైపు వెడల్పుగా మొదలై, కొసకి వచ్చేసరికి సన్నబడి ముదురుగా ముగియాలి. ఫొటోలో అది తిరగబడి ఉంది. కొస లేచింది కాబట్టి నీడ అక్కడే వెడల్పు.

రెక్కని పెన్ టూల్‌తో కోసి విడి లేయరు చేశాను. దాని కింద ఛాతీ గుడ్డని కొంచెం లోపలిదాకా పూడ్చాను, రెక్క కదిలితే ఖాళీ బయటపడకుండా. తర్వాత వార్ప్‌లో మడత వైపు ఉన్న బిందువులని కదపకుండా కొసని మాత్రం 20 పిక్సెళ్ళు లోపలికీ కిందికీ జరిపాను. అంతకన్నా జరిపితే రెక్క మీది గీతలు వంగిపోయి, లాగినట్టు తెలిసిపోతోంది. ఉబ్బుని ఆకారంతో కాకుండా వెలుగుతో తగ్గించాను. ఎదురుగా తీసిన ఫొటోలో గుడ్డ మన వైపు ఎంత లేచిందో చెప్పేది వెలుగునీడలే. గట్టు మీది తెలుపు తగ్గి, పక్కనున్న చీకటి తేలగానే రెక్క చదునైపోయింది.

రెక్క అడుగునుంచి పట్టీ బయటికొచ్చిన చోట, అంతకుముందు రెక్క నీడ పట్టీ మీద పడుతోంది. పట్టీతో పాటే ఆ నీడ కూడా పోయింది. అక్కడ ఛాతీ మీద నీడ కొత్తగా వేయకపోతే రెక్క గాలిలో తేలుతుంది. కుడి పక్క వేసిన పద్ధతిలోనే వేశాను, బాబాయ్ చెప్పిన వెడల్పుతో.

సాయంత్రం కాన్వాస్‌ని అడ్డంగా తిప్పి చూశాను. రెండు కొసలూ ఒకే ఎత్తులో లేవు, ఎడమది ఒక పిసరు కింద. మాస్టారి భుజమే ఆ పక్క కాస్త వాలి ఉంది. అలాగే ఉంచేశాను.

ఆదివారం

మిగిలింది ఎరుపు. కంటికి అలవాటైపోతుంది కాబట్టి ఇన్ఫో ప్యానెల్‌ని ల్యాబ్‌కి మార్చి అంకెలు చూశాను. అందులో a విలువ పెరిగితే ఎరుపు వైపు, తగ్గితే ఆకుపచ్చ వైపు. ట్యాగుకి దూరంగా ఉన్న తెల్ల గుడ్డ మీద a సున్నా దగ్గర ఉంది. పట్టీ ఉన్నచోటికి రెండు పక్కలా 6 దాకా వెళ్ళింది. బ్లెండ్ మోడ్ కలర్‌లో ఖాళీ లేయరు పెట్టి, చొక్కా సొంత నీడలోని రంగు తీసుకుని, బ్రష్ ఫ్లో బాగా తగ్గించి కొంచెం కొంచెంగా పూశాను. కలర్ మోడ్‌లో వెలుగునీడలు మారవు. నీలి గీతల మీద పడితే మాత్రం వాటి నీలం వెలిసిపోతుంది, అందుకని బ్రష్‌ని గీతల మధ్య తెలుపులోనే నడిపాను. a ఒకటికి దిగగానే ఆపేశాను.

మెడ వేరు. చర్మంలో ఎరుపు సహజంగానే ఉంటుంది, సున్నాకి తెస్తే మనిషి పాలిపోతాడు. దవడ కింద రెండు పక్కలా, ట్యాగు వెలుగు తగలని చోటూ తగిలిన చోటూ పోల్చి, రెడ్స్‌లో సాచురేషన్ కొద్దిగా తగ్గించాను, మాస్క్ అంచు బాగా మెత్తగా. గడ్డం గీసుకున్న చోట చర్మం మీది చిన్న గరుకు అలాగే ఉంది.

వార్ప్ చేసిన ముక్కలు, తిప్పిన ముక్కలు అసలు గుడ్డ కన్నా నున్నగా ఉన్నాయి. వంచినప్పుడల్లా పిక్సెళ్ళు మళ్ళీ లెక్కకట్టబడి కెమెరా గ్రెయిన్ కరిగిపోతుంది. ఆ ముక్కల మీద మాత్రమే యాడ్ నాయిస్, గాసియన్, మోనోక్రొమాటిక్ టిక్ పెట్టి, ఒకటిన్నర శాతం. 200 శాతం జూమ్‌లో పక్కపక్కన చూసి ఆ అంకెకి వచ్చాను, ఇంకో ఫైలుకి ఇంకో అంకె కావాల్సి వస్తుంది.

సోమవారం

10×12 మొత్తం కొట్టించే ముందు, కాలరు భాగాన్ని మాత్రం అదే సైజులో 4×6 కాగితం మీద వేయించాను. స్క్రీన్ మీద వెనకనుంచి వెలుగు వస్తుంది కాబట్టి నీడల అంచులు మెత్తగా అనిపిస్తాయి, కాగితం మీద బిగుసుకుంటాయి. అనుకున్నట్టే కుడి రెక్క కింద సన్న నీడ కాగితం మీద గీతలా కనబడింది. బ్లర్ 5 నుంచి 9కి పెంచి, ఓపాసిటీ కాస్త తగ్గించి మళ్ళీ వేయించాను. ఇప్పుడు బాగుంది. ఎడమ రెక్క మొదటి ప్రింటులోనే కుదిరింది.

ఒక సంగతి శిష్యుడికి ఫోన్లో చెప్పాను. ఇది గోడ మీది ఫ్రేముకీ, కాలేజీ సావనీరులో ఆయన పరిచయం పక్కకీ వాడుకోవచ్చు. సదస్సు వార్తతో పత్రికకి పంపేటప్పుడు మాత్రం అసలు ఫొటోనే పంపాలి. వార్తా ఫొటోలో ఉన్న వస్తువు తీసేయడం తగని పని. అతను వెంటనే ఒప్పుకున్నాడు. తర్వాత, “జేబులో పెన్ను కూడా తీసేయొచ్చా అన్నా?” అని అడిగాడు. వద్దన్నాను. ఆయన క్లాసులో ఎప్పుడూ ఆ పెన్నుతోనే ఉంటారని మొదటి రోజు చెప్పింది అతనే.

ల్యాబుకి ఇచ్చింది 3000×3600, 300 రిజల్యూషన్, ఎస్‌ఆర్‌జీబీ, జేపెగ్ క్వాలిటీ 12. లేయర్లున్న ఫైలు విడిగా దాచాను, పేర్లన్నీ పెట్టి: ఛాతీ గుడ్డ, గుండీల పట్టీ, కుడి రెక్క, ఎడమ రెక్క, నీడలు, ఎరుపు, గ్రెయిన్. సావనీరుకి చిన్న సైజు అడిగితే నీడల లేయర్లు రెండూ మళ్ళీ చూసుకోవాలి, చిన్నగా చేసినప్పుడు సన్న నీడ మాయమై రెక్క మళ్ళీ తేలినట్టు అనిపిస్తుంది.